కుబర్నెటీస్ రాదని ట్యాబ్ మూసేశా

మార్చిలో ఒక రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని ఒక ఇంటర్న్‌షిప్ ప్రకటన చదివాను. బ్యాకెండ్ డెవలపర్ ఇంటర్న్, హైదరాబాద్‌లో, వేసవి రెండు నెలలు. మొదటి నాలుగు లైన్లు చదివి "ఇది నాకోసమే రాశారు" అనుకున్నా. ఐదో లైన్లో కుబర్నెటీస్, కాఫ్కా కనిపించాయి. రెండూ రావు. ట్యాబ్ మూసేసి పడుకున్నా.

నా రూమ్మేట్‌కి నాకొచ్చినంత పైథాన్ కూడా రాదు. వాడు అప్లై చేశాడు. ఇంటర్వ్యూలో వాడిని అడిగినవి ఇవి: రెండు టేబుల్స్ జాయిన్ చేసి ఒక క్వెరీ రాయమన్నారు, పైథాన్ డిక్షనరీ ఎక్కడ వాడతావన్నారు, వాడి ప్రాజెక్టులో లాగిన్ ఎలా పనిచేస్తుందో చెప్పమన్నారు. కుబర్నెటీస్ పేరు కూడా ఎత్తలేదట. వాడికి వచ్చింది. ఆ మూడు ప్రశ్నలకీ నా దగ్గర జవాబులున్నాయి. అప్లికేషన్ మాత్రం లేదు.

ఫైనల్ ఇయర్ అక్క ఒకామెకి ఈ సంగతి చెప్తే నవ్వి, "జేడీ అంటే సిలబస్ కాదురా, అన్ని యూనిట్లూ చదవాలనుకోవడానికి. పెళ్లి ప్రకటనలా చదువు" అంది. అప్పుడు వెలిగింది. మా పెద్దమ్మ కూతురికి సంబంధాలు చూసేటప్పుడు ప్రకటన టైప్ చేసింది నేనే: అబ్బాయి ఆరడుగులు, సాఫ్ట్‌వేర్, సొంత ఫ్లాట్, ఒక్కడే కొడుకు, గోత్రం వేరే. ఇప్పుడు మా బావ ఐదడుగుల ఏడంగుళాలు, బ్యాంకులో పని, అద్దె ఇల్లు, ఇద్దరు తమ్ముళ్లు. గోత్రం మాత్రం వేరే. అంటే ఐదింటిలో తప్పనిసరి ఒక్కటే. మిగతావి కోరికలు.

నేను వదిలేసిన ప్రకటనలో ఉన్నవి ఇవి:

1. ప్రీ-ఫైనల్ ఇయర్ విద్యార్థులు, 7 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు.
2. మే నుంచి జూలై వరకు, రోజూ ఆఫీసుకి రావాలి.
3. పైథాన్ లేదా జావా బాగా రావాలి.
4. ఎస్‌క్యూఎల్ తెలిసి ఉండాలి, రెస్ట్ ఏపీఐలు రాసి ఉండాలి.
5. డాకర్, కుబర్నెటీస్, కాఫ్కాతో పరిచయం.
6. ఏడాది అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం.

కింద "చేయాల్సిన పని" అని వేరే పేరా ఉంది: ఇప్పటికే ఉన్న ఏపీఐలకి కొత్త ఫీచర్లు కలపడం, నెమ్మదిగా నడిచే క్వెరీలు సరిచేయడం, టెస్టులు రాయడం. ఆ రాత్రి నేను ఈ పేరా చదవనే లేదు. అసలు ముందు చదవాల్సింది ఇదే.

అక్క నాతో మూడు రంగుల్లో గీతలు గీయించింది.

ఎర్ర గీత గేట్లకి. వీటి దగ్గర వాదన ఉండదు. ఒకటి, రెండు లైన్లు అవే. ఎలా గుర్తుపట్టాలంటే, జవాబు అవును, కాదు అని తేలిపోతుంది, ఫామ్‌లో దానికోసం ఒక గడి ఉంటుంది. సీజీపీఏ 6.8 అని నింపితే చాలాచోట్ల మన రెజ్యూమే మనిషి దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. డ్రైవ్ కాలేజీ ద్వారా వస్తే ప్లేస్‌మెంట్ సెల్ లిస్టులోనే పేరు ఉండదు.

నీలం గీత రోజూ చేసే పనికి కావాల్సినవాటికి. పైన అడిగిన స్కిల్, కింద పని పేరాలో మళ్లీ కనిపిస్తుందా అని చూడాలి. ఏపీఐలు కనిపించాయి. క్వెరీలంటే ఎస్‌క్యూఎలే. కోడ్ రాయాలి కాబట్టి పైథాన్ లేదా జావా. ఈ "లేదా"ని నేను చాలాసార్లు "మరియు"లా చదివేవాణ్ణి. రెండింట్లో ఒకటి గట్టిగా వస్తే ఆ లైన్ పూర్తయినట్టే.

మిగిలినవాటికి పెన్సిల్ గీత. కుబర్నెటీస్, కాఫ్కా పని పేరాలో ఎక్కడా లేవు. "రావాలి" అని కాకుండా "పరిచయం", "ప్రాధాన్యం", "తెలిస్తే మంచిది" లాంటి మాటలు వచ్చాయంటే అది కోరికే. మరి ఎందుకు రాస్తారు? చాలాసార్లు టీమ్ వాడే టూల్స్ అన్నీ వరసగా పెట్టేస్తారు, లేదా ఫుల్ టైమ్ ఉద్యోగానికి రాసిన పాత ప్రకటన తెచ్చి "ఇంటర్న్" అని మారుస్తారు. ఏడాది అనుభవం లైన్ అలా వచ్చినదే అయ్యుండాలి. థర్డ్ ఇయర్ వాళ్లనే పిలుస్తూ ఏడాది ఉద్యోగం చేసి ఉండాలంటే ఎవరు దొరుకుతారు?

పెద్దవాళ్లకీ ఇది తప్పదు. ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ 2018 చివర్లో వచ్చింది. 2020లో ఒక ఉద్యోగ ప్రకటన అందులో నాలుగేళ్లకు పైగా అనుభవం అడిగింది. దాన్ని తయారుచేసిన సెబాస్టియన్ రామిరెజ్, తను దాన్ని మొదలుపెట్టే ఏడాదిన్నర అయింది కాబట్టి తనకే అర్హత లేదని ట్వీట్ చేశాడు.

ఇక నిర్ణయం. ఎర్రవన్నీ ఉండాలి, ఒక్కటి తప్పినా వద్దు. నీలంవాటిలో సగానికి పైన ఉండాలి, అదీ చూపించడానికి ప్రాజెక్టో, గిట్‌హబ్ కోడో ఉండేలా. పెన్సిల్‌వి లెక్కలోకి రావు. ఉంటే లాభం, లేకపోతే నష్టం లేదు. ఈ లెక్కన నాకు ఎర్రవి రెండూ ఉన్నాయి, నీలంవి మూడూ ఉన్నాయి. మూసేసిన ట్యాబ్ అది!

ఇది విన్నాక నేను రెండో తప్పు చేశా. అన్నీ కోరికలే అనుకుని కనిపించిన ప్రతిదానికీ అప్లై చేశా. ఒకదాంట్లో రెండో రౌండ్ దాకా వెళ్లా. చివర్లో "ఆగస్టు నుంచి ఆరు నెలలు ఫుల్ టైమ్ కదా, కాలేజీ పర్మిషన్ ఉందా?" అన్నారు. మనకి 75 శాతం హాజరు కావాలి, థర్డ్ ఇయర్‌లో ఆరు నెలలు ఎవరూ వదలరు. ప్రకటనలో ఆ మాట రెండో లైన్లోనే ఉంది. స్కిల్స్ మీదే కళ్లు పెట్టి తేదీలు దాటేశా. రెండు రౌండ్లకి చదివిన వారం పోయింది, ఆ వారంలోనే ల్యాబ్ ఇంటర్నల్ కూడా పోయింది.

ఇంకో జాగ్రత్త. కుబర్నెటీస్ అన్నిచోట్లా పెన్సిలే అనుకోకండి. అదే మాట డెవాప్స్ ఇంటర్న్ ప్రకటనలో ఉండి, పని పేరాలో "క్లస్టర్లు చూసుకోవడం" అని ఉంటే అది నీలం. టూల్ పేరు చూసి రంగు వేయకూడదు, పని చూసి వేయాలి. పని పేరానే లేకపోతే ఉద్యోగం పేరు చూడండి, అదీ అర్థం కాకపోతే ప్రకటనలో ఉన్న మెయిల్‌కి "ఇంటర్న్ రోజూ ఏ పని చేస్తారు?" అని ఒక లైన్ రాసి అడగండి. ఇంకోటి, పెన్సిల్‌లోవి రాకపోయినా ఫర్వాలేదు కదా అని రెజ్యూమేలో వచ్చినట్టు మాత్రం రాయొద్దు. రాయకపోతే అడగకపోవచ్చు. రాస్తే మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతారు.

పోయిన వారం అదే కంపెనీ శీతాకాలం ఇంటర్న్‌షిప్ ప్రకటన పెట్టింది. డిసెంబర్, సెలవుల్లో నాలుగు వారాలు. కుబర్నెటీస్ లైన్ అలాగే ఉంది. ముందు తేదీలు చూశా, తర్వాత పని పేరా చదివా, గీతలు గీశా. పది నిమిషాలు పట్టింది. అప్లై చేశా. ఆదివారం ఆన్‌లైన్ టెస్ట్. ఇప్పుడు జాయిన్‌లు చదువుతున్నా.