కోనసీమలో ఆర్కిటెక్ట్ తొలి పదేళ్లు: ఒక విద్యార్థికి లేఖ

ఆర్కిటెక్చర్ పట్టా బి.ఆర్క్. ఐదేళ్ల చదువు. నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో రెండో పేపరు గానీ రాసి చేరాలి. విజయవాడలో ఎస్‌పీఏ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఈ చదువు చెబుతున్నాయి. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. అయితే ఆ చట్టం కాపాడేది పేరునే గానీ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే అమలాపురంలో ఇంటి ప్లాను గీసేవారిలో సివిల్ ఇంజనీర్లు, డిప్లొమా చేసినవారు కూడా ఉంటారు. కొత్త ఆర్కిటెక్ట్ పోటీ పడాల్సింది వారితోనే.

మొదటి మూడు నాలుగేళ్లు మరొకరి ఆఫీసులో జీతానికి పనిచేయడం మంచిది. జీతం తక్కువైనా సైటుకు పంపే ఆఫీసే మేలు. కోనసీమ నేల బంకమన్ను, కొద్ది లోతులోనే నీరు పడుతుంది. పునాది సరిగా లేని ఇంట్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకుతాయి. గోడ అడుగున చెమ్మ ఎక్కి రంగు పొట్టు లేస్తుంది. మట్టి పరీక్ష ఎప్పుడు చేయించాలో, పైల్ పునాది ఎక్కడ తప్పదో, బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలో సైటు మీదే వంటబడుతుంది.

సొంత ఆఫీసు తెరిచాక డబ్బు విడతలుగా వస్తుంది. ఉదాహరణకు కొత్తపేటలో 50 లక్షల ఇంటికి నాలుగు శాతం ఫీజు కుదిరితే మొత్తం 2 లక్షలు. అడ్వాన్సు 20 వేలు, డిజైను ఖాయమయ్యాక 40 వేలు, నిర్మాణ డ్రాయింగులకు 60 వేలు, శ్లాబులు పడేటప్పుడు 50 వేలు, గృహప్రవేశం నాటికి మిగిలిన 30 వేలు అనుకుందాం. ఇల్లు పూర్తికి ఏడాదిన్నర పట్టవచ్చు. ఇలాంటివి ఏడాదికి మూడు దొరికినా స్ట్రక్చరల్ ఇంజనీరు, డ్రాఫ్ట్స్‌మన్, ఆఫీసు అద్దె పోగా మిగిలేది కొద్దే. ఇంటి యజమానులు ఎక్కువగా ఎగ్గొట్టేది చివరి విడతనే కాబట్టి, డ్రాయింగులు చేతికిచ్చే ముందే పెద్ద వాటా తీసుకునేలా ఒప్పందం రాసుకోవాలి.

ఇంటీరియర్ పని వేరు. దానికి 1972 నాటి చట్టం వర్తించదు. కిచెన్, వార్డ్‌రోబ్‌ల పని నెలల్లో ముగుస్తుంది, డబ్బూ త్వరగా తిరుగుతుంది. చాలామంది దీనితోనే ఆఫీసు నడుపుకుంటూ ఇళ్ల పనికి కాచుకుంటారు. ఇందులో చిక్కంతా ప్లైవుడ్ షాపు ఇచ్చే కమీషన్ దగ్గరే. యజమానికి చెప్పకుండా తీసుకుంటే ఏదో ఒక రోజు బిల్లుల్లో బయటపడుతుంది, ఆ వీధిలో మరో పని రాదు.

పేరు రావడానికి ఐదారు వర్షాకాలాలు గడవాలి. ఇక్కడ ఇంటి మాట పత్రికల్లో కన్నా మేస్త్రీల నోట, బంధువుల నోట పాకుతుంది. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారు ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు ముందు అడిగేది చుట్టాలనే. ఏడెనిమిదో ఏటికి, పాత యజమానుల మాట మీద వచ్చినవారు ఫీజు తగ్గించమని బేరమాడడం తగ్గుతుంది. శాతం పెంచి అడగగలిగేది అప్పుడే.