మూడు లక్షల అరవై వేలు - చేతికి ఎంత?

మా గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. 2023లో డిగ్రీ అయిపోయింది. క్యాంపస్ సెలక్షన్లలో మా గది మిత్రుడు ఒకడికి హైదరాబాదులోని ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మిగిలిన వాళ్లం పీజీకి, గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లిపోయాం. ఆఫర్ లెటర్ మీద "సీటీసీ సంవత్సరానికి రూ. 3,60,000" అని ఉంది. పన్నెండుతో భాగిస్తే 30,000. ఆ భాగహారం చేసింది మేమే. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి "నెలకు ముప్పై వేలు" అని చెప్పింది కూడా మేమే. అందుకే ఈ వ్యాసం రాయడం మా బాధ్యత అనుకున్నాం.

వాళ్ల నాన్న ఆ మాట నమ్మి చెల్లెలి నర్సింగ్ ఫీజు కోసం ఊళ్లో వడ్డీకి తెచ్చారు. నెలకు పది వేల చొప్పున కడతానని ఒప్పుకున్నారు. జూలై నెలాఖరున మావాడి ఖాతాలో పడింది 16,203 రూపాయలు. గదికి, తిండికి పోగా ఇంటికి ఐదు వేలే పంపాడు. "మిగతాది ఏం చేస్తున్నావురా?" అని వాళ్ల నాన్న అడిగారట. మావాడు పే స్లిప్ ఫోటో పంపాడు. అది ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. దసరా సెలవులకు అందరం కలిసినప్పుడు ఆ కాగితం, ఆఫర్ లెటర్ ముందు పెట్టుకుని కూర్చున్నాం.

ముందు సీటీసీ అంటే ఏమిటో చూద్దాం. కాస్ట్ టు కంపెనీ అంటే ఒక ఉద్యోగిని పెట్టుకుంటే ఏడాదికి కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అది జీతం కాదు. ఈ తేడా మాకంటే ముందు మావాడి అమ్మకే అర్థమైంది. ఆమె మిరప కోతకు వెళతారు. రైతు కూలీలను పక్క ఊరి నుంచి ఆటోలో తెప్పించుకుంటాడు. ఆటో కిరాయి, మేస్త్రికి ఇచ్చేది, మధ్యాహ్నం టీ, అన్నీ కలిపి "మనిషికి నాకు ఇంత పడుతోంది" అని రైతు లెక్క చెబుతాడు. కూలి మనిషి కొంగున ముడేసుకునేది మాత్రం కూలి ఒక్కటే. "అయితే ఆ మూడు లక్షల అరవై వేలు రైతు లెక్కనా?" అన్నారామె. సరిగ్గా అంతే. మనం దాన్ని కూలి లెక్క అనుకున్నాం.

ఇక మావాడి ఆఫర్ లెటర్. మొదటి పేజీలో అభినందనలు, పెద్ద అక్షరాల్లో మొత్తం అంకె ఉంటాయి. అసలు సంగతి చివరి పేజీలోని పట్టికలో ఉంటుంది. దాన్ని అనెక్సర్ అంటారు. సంతకం పెట్టే తొందరలో మేము దాన్ని చూడనే లేదు.

అందులో మొదట కనిపించినది వేరియబుల్ పే, ఏడాదికి 36,000. అంటే నెలకు 3,000 అన్నమాట. కానీ ఇది నెలనెలా రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక కంపెనీ ఫలితాన్ని, ఉద్యోగి పనితీరును చూసి ఇస్తారు. పూర్తిగా ఇస్తామన్న హామీ లేదు. ఇచ్చే రోజు నాటికి ఉద్యోగంలో లేకపోతే అసలే రాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మావాడికి 2024 జూన్‌లో మొదటిసారి వచ్చింది. జూలై 10న చేరాడు కనుక మార్చి వరకు పనిచేసిన రోజులకే లెక్కగట్టి, అందులో 70 శాతం ఇచ్చారు. పద్దెనిమిది వేల చిల్లర వచ్చింది.

రెండోది గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏడాదికి 6,000. ఇది కంపెనీ నేరుగా బీమా సంస్థకు కడుతుంది. జబ్బు చేస్తే ఉపయోగపడుతుంది, లేకపోతే లేదు. ఆ పాలసీలో అమ్మానాన్నలు ఉన్నారో లేదో తప్పక అడగాలి. మావాడి పాలసీలో లేరు.

మూడోది కంపెనీ కట్టే పీఎఫ్. మావాడి బేసిక్ నెలకు 12,000. దానిలో 12 శాతం, అంటే 1,440 కంపెనీ వాటా. నాలుగోది గ్రాట్యుటీ, బేసిక్ మీద 4.81 శాతం, నెలకు 577. ఈ 4.81 ఎక్కడి నుంచి వచ్చిందని మాకు అనుమానం వచ్చింది. పనిచేసిన ఒక్కో సంవత్సరానికి పదిహేను రోజుల బేసిక్ ఇవ్వాలి, నెలకు ఇరవై ఆరు పనిదినాలుగా లెక్క. 15ను 26తో భాగించి, మళ్లీ 12తో భాగిస్తే వచ్చేదే అది. మావాడు చేరినప్పుడున్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం మామూలుగా అయిదేళ్లు ఒకేచోట పనిచేస్తేనే ఇది చేతికొస్తుంది. రెండేళ్లకే మానేస్తే ఆ 577 కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది.

ఈ నాలుగూ తీసేస్తే మిగిలేది నెలకు 24,483. దీన్నే గ్రాస్ అంటారు. పే స్లిప్‌లో ఎడమవైపు బేసిక్, ఇంటి అద్దె భత్యం, స్పెషల్ అలవెన్సు అని విడివిడిగా ఉండి, కూడితే ఇంత వస్తుంది. చూశారా, పే స్లిప్ మొదలయ్యేదే 24,483 దగ్గర. 30,000 అన్న అంకె అందులో ఎక్కడా కనిపించదు. "కోత ఎక్కడ పడింది?" అని మావాడు పే స్లిప్ అంతా వెతికినా దొరకలేదంటే కారణం ఇదే. సగానికి పైగా తేడా పే స్లిప్‌లోకి రాకముందే అయిపోయింది.

తర్వాత కుడివైపు కోతలు. ఉద్యోగి వాటా పీఎఫ్ మళ్లీ 1,440. వృత్తి పన్ను 200. తెలంగాణలో నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200 ఈ పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను అతనికి లేదు, ఏడాది మొత్తం ఆ పరిమితికి లోపే ఉంది. నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కింద 0.75 శాతం కూడా పోతుంది. మావాడు ఆ హద్దు దాటాడు కనుక అది పడలేదు. చివరికి చేతికి 22,843.

30,000 కు, 22,843 కు మధ్య 7,157 తేడా. మరి మొదటి నెల 16,203 ఎందుకు? అతను చేరింది జూలై 10న. 31 రోజుల్లో 22 రోజులకే జీతం. గ్రాస్ 17,375 అయింది, పీఎఫ్ 1,022, వృత్తి పన్ను 150 పోయాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ నెల వాళ్లింట్లో అన్ని మాటలు వచ్చేవి కావు.

వాళ్ల నాన్న అన్నీ విని ఒకే ప్రశ్న వేశారు: "ఇందులో పోయినదెంత, దాచినదెంత?" మేము చదువుకున్నవాళ్లమై ఉండి ఆ ప్రశ్న వేసుకోలేదు. పీఎఫ్ రెండు వాటాలూ కలిపి నెలకు 2,880, అది మావాడిదే. అయితే పాస్‌బుక్ తెరిస్తే జమ 1,880 మాత్రమే కనిపిస్తుంది. కంపెనీ వాటాలో నుంచి, బేసిక్ మీద 8.33 శాతం, అంటే 1,000 రూపాయలు, పెన్షన్ పథకానికి వెళుతుంది. ఆ కాలమ్ పక్కన వేరుగా ఉంటుంది. డబ్బు మాయమైందని కంగారు పడనక్కరలేదు. కంపెనీ నిజంగా కడుతోందో లేదో తెలిసేది కూడా ఆ పాస్‌బుక్‌తోనే. పే స్లిప్‌లో కోసి, అక్కడ జమ చేయకపోతే వెంటనే అడగాలి. యూఏఎన్ నంబరు ఒక్కటే ఉంటుంది. కంపెనీ మారినా అదే నంబరు ఇవ్వాలి. కొత్త నంబరు తీసుకుంటే పాత డబ్బు వేరుగా ఉండిపోతుంది.

కాబట్టి 7,157లో 2,880 దాచినది, 500 బీమా, 200 పన్ను. 3,000 రావచ్చు, తగ్గవచ్చు. 577 అయిదేళ్ల తర్వాతి మాట. ఇలా విడగొట్టి చెప్పాక వాళ్ల నాన్న వడ్డీ ఇచ్చిన ఆయన దగ్గరికి వెళ్లి నెలకు ఆరు వేలకు మాట మార్చుకున్నారు. వడ్డీ కొంచెం ఎక్కువే పడింది.

ఈ మధ్య మారిన సంగతి ఒకటి చెప్పాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కిస్తారు. బేసిక్ తక్కువ చూపి అలవెన్సులు పెంచే పద్ధతికి ఇది అడ్డు. గ్రాట్యుటీ పెరుగుతుంది. పూర్తి వేతనం మీద పీఎఫ్ కట్టే చోట అదీ పెరుగుతుంది. సీటీసీ అంకె మారకపోతే ఆ మేరకు చేతికొచ్చేది తగ్గుతుంది. కాలపరిమితి ఒప్పందం మీద చేరినవాళ్లకు మాత్రం గ్రాట్యుటీకి ఒక సంవత్సరం చాలు. కనుక మన సీనియర్ల పాత పే స్లిప్ చూసి మీ జీతం లెక్కవేసుకోవద్దు.

2025 ఏప్రిల్‌లో మావాడికి రెండు కొత్త ఆఫర్లు వచ్చాయి. ఒకటి 5,00,000, ఇంకొకటి 4,50,000. ఈసారి మేము ముందు అనెక్సర్ తెరిచాం. అయిదు లక్షల దానిలో 15 శాతం, అంటే 75,000 వేరియబుల్. జాయినింగ్ బోనస్ 40,000 కూడా అందులోనే కలిపారు. అది ఒక్కసారే వస్తుంది, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. రెండో దానిలో ఈ రెండూ లేవు. బేసిక్ రెండింటిలోనూ 16,000, పీఎఫ్ 15,000 పరిమితి మీద 1,800, బీమా అంతే. లెక్క వేస్తే అయిదు లక్షల ఉద్యోగంలో నెలకు చేతికి 27,013, నాలుగున్నర లక్షల దానిలో 32,430.

మావాడు రెండు కంపెనీల హెచ్ఆర్ వాళ్లకూ ఒకే ప్రశ్న మెయిల్ చేశాడు: "నెల పూర్తిగా పనిచేస్తే, అన్ని కోతలూ పోయాక, నా బ్యాంకు ఖాతాలో ఎంత పడుతుంది?" ఒకరు అదే రోజు అంకె పంపారు. ఇంకొకరు "అది చేరిన తర్వాత తెలుస్తుంది" అన్నారు. అతను చేరింది అంకె పంపిన చోట, నాలుగున్నర లక్షలకు. ఊళ్లో ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న ఇప్పుడు లక్షల్లో చెప్పరు. "ముప్పై రెండు వేల నాలుగు వందలు పడుతుంది" అంటారు.