బెడ్ నంబరు కాదు, పేరు అడగాలి

ఉదయం డ్యూటీ మారేటప్పుడు ఇన్‌ఛార్జి సిస్టర్ నర్సులకు ఆ రోజు పనులు అప్పగిస్తారు. సికింద్రాబాద్‌లోని ఒక ఆడవారి వార్డులో ఆ మాటలు ఇలా ఉంటాయనుకుందాం.

"8వ బెడ్ లక్ష్మమ్మగారికి రక్తం ఎక్కించాలి. మొదటి 15 నిమిషాలు ఒక సిస్టర్ ఆమె పక్కనే ఉండాలి, వేరే పని చేయకూడదు. వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే రక్తం ఆపి డాక్టరుగారిని పిలవండి. మిగతావారు ఇంజక్షన్లు చూడండి. డిశ్చార్జి కాగితాలు ఆ తర్వాతే.

ఇక మారిన పద్ధతి. ఇకమీదట బెడ్ నంబరు చూసి ఏదీ ఇవ్వవద్దు. పేరు, ఆస్పత్రి నంబరు రెండూ చేతిపట్టీతో సరిపోవాలి. రక్తమైతే ఇద్దరు నర్సులు మంచం దగ్గరే సరిచూడాలి. 'మీరు లక్ష్మమ్మగారేనా?' అనకండి, 'మీ పేరేమిటమ్మా?' అని అడగండి."

ఎందుకీ మార్పు? 14వ బెడ్‌లో ఇంకో లక్ష్మమ్మగారు ఉన్నారు. రోగులకు బెడ్లు మారుతుంటాయి. నిద్రమత్తులో ఉన్నవారు, చెవులు సరిగా వినిపించనివారు ఏమడిగినా "ఆ" అంటారు. 'ఓ' గ్రూపు వారికి 'బి' గ్రూపు రక్తం ఎక్కితే వారి శరీరం ఆ రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. కనీసం రెండు గుర్తులు సరిచూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2007లో సూచించింది.

కాబట్టి నర్సు ప్రతిసారీ పేరు అడిగితే విసుక్కోకండి. రోగి మాట్లాడలేకపోతే తోడున్నవారు చెప్పండి. చేతిపట్టీ తెగిపోతే వెంటనే కొత్తది కట్టించుకోండి. పేరు అడగకుండా మందు ఇవ్వబోతే, "నా పేరు చూశారా సిస్టర్?" అని మీరే అడగండి.