కొనలు చూడండి, తిథి అడగండి

విజయనగరం జిల్లా హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరైన వాడిని. ఆకాశంలో ఏదైనా వింత కనిపిస్తే ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా పాత విద్యార్థులు ఫోటో పంపి, "మాస్టారూ, ఇది గ్రహణమేనా?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. ముందు తిథి అడగండి.
చంద్రగ్రహణం పౌర్ణమి నాడే, సూర్యగ్రహణం అమావాస్య నాడే పడతాయి. చవితి నాటి నెలవంకలో మిగతా భాగం చీకటిగా ఉండడానికి భూమి నీడతో పని లేదు. ఎండ పడుతున్న సగంలో కొంత మేరే మన వైపు తిరిగి ఉంది, అంతే. సాయంత్రం పడమట సన్నటి వంక కనిపిస్తే అది కళే. రాత్రి పది గంటల వేళ తూర్పు వైపు ఆకాశంలో బాగా పైకి వచ్చిన చంద్రుడు వంకలా ఉంటే మాత్రం కళ అయ్యే వీలు లేదు.

2. కొరికినట్టు ఉందో, ఉబ్బినట్టు ఉందో చూడండి.
ఫోటో ఒక్కటే చేతిలో ఉంటే నేను ముందు చూసేది ఇదే. కళల్లో వెలుగు సగం దాటాక సరిహద్దు గీత చీకటి వైపుకు ఉబ్బుతుంది, ఎన్నడూ లోపలికి గుంత పడదు. కాబట్టి సగానికి మించి వెలుగుతున్న చంద్రుడిని జామకాయలా కొరికినట్టు కనిపిస్తే అది గ్రహణమే. సన్నటి వంక అయితే కొనలు చూడాలి. నెలవంక కొనలు రెండూ ఎప్పుడూ ఎదురెదురుగా, వ్యాసం చివర్లలో ఉంటాయి. గ్రహణం బాగా ముదిరినప్పుడు మిగిలే వంకలో కొనలు అంతకంటే దగ్గరికి వచ్చేస్తాయి.

3. ఒక రాత్రిని ఉదాహరణగా పెట్టుకోండి.
2025 సెప్టెంబర్ 7, భాద్రపద పౌర్ణమి. రాత్రి 9:57కి నీడ అంటుకుంది, 11:01కి చంద్రుడు పూర్తిగా మునిగాడు, 12:22 దాకా అలాగే ఉన్నాడు, 1:26కి విడిచాడు. పదిన్నరకు తీసిన ఫోటోలో సగం చంద్రుడే ఉన్నాడు కాబట్టి అష్టమి చంద్రుడని పొరబడవచ్చు. కానీ అష్టమి నాటి గీత దాదాపు తిన్నగా ఉంటుంది. ఆ రాత్రి గీత వెలుగు వైపుకు వంగి, అంచు మసకబారి ఉంది. భూమి నీడ ఆ దూరంలో చంద్రుడికి రెండున్నర రెట్లకు పైగా వెడల్పు. అందుకే ఆ వంపు పెద్ద చక్రం అంచులా ఉంటుంది. పైగా శుక్ల అష్టమి చంద్రుడు ఆ వేళకు పడమటికి వాలిపోతాడు, ఆ రాత్రి చంద్రుడు ఆగ్నేయాన పైకెక్కుతున్నాడు.

4. ఎరుపు రంగును ఒక్కదాన్నే నమ్మకండి.
కళింగపట్నం తీరంలో సముద్రం మీద లేచే ఏ పౌర్ణమి చంద్రుడైనా ఎర్రగానే ఉంటాడు. దిగంతం దగ్గర దట్టమైన గాలిపొర నీలాన్ని చెదరగొడుతుంది. గంట ఆగితే ఎరుపు పోతుంది. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నా రాగి రంగు వదలదు. ఇంకో తికమక ఫోన్ కెమెరాది. పాక్షిక దశలో వెలిగే ముక్కకు సరిపడా తీస్తే నీడ భాగం నల్లగా మాయమవుతుంది, నెలవంక అనిపిస్తుంది. ఎక్కువ వెలుతురు రానిస్తే ఆ భాగం ఎర్రగా తేలుతుంది. నెలవంకలోనైతే ఆ భాగం బూడిదరంగులో ఉంటుంది. అది భూమి మీంచి తిరిగి వెళ్లిన వెలుగు.

5. ఉంగరం కనిపిస్తే ఏ ఊరిదని అడగండి.
సూర్యుడిని కప్పే చంద్రుడు దూరంగా, చిన్నగా ఉంటే చుట్టూ వెలుగు అంచు మిగిలి కంకణ గ్రహణం అవుతుంది. అది సన్నటి దారి వెంట ఉన్నవాళ్లకే కనబడుతుంది. 2019 డిసెంబర్ 26న ఆ దారి కాసరగోడ్, కోయంబత్తూరు, దిండిగల్ మీదుగా పోయింది. శ్రీకాకుళంలో కొరికిన సూర్యుడే తప్ప ఉంగరం లేదు. కాబట్టి ఆ రోజు "మా ఊరి ఉంగరం" అంటూ వచ్చిన ఫోటో మన ఊరిది కాదు. సంపూర్ణ సూర్యగ్రహణం ఫోటో వేరు. 1980 ఫిబ్రవరి 16న రంగాపూర్ అబ్జర్వేటరీలో కనిపించినట్టు, నల్లటి బిళ్ల చుట్టూ తెల్లటి పోగుల్లా కరోనా పరుచుకుంటుంది. సూర్యుడికి వరదగుడి కట్టినప్పుడు కనిపించే పెద్ద వలయం గ్రహణమే కాదు. దాని మధ్యలో సూర్యుడు నిండుగా వెలుగుతూనే ఉంటాడు.

6. తేలకపోతే అసలు ఫైలు తెప్పించండి.
వెలుతురు ఎక్కువై ముద్దయిపోయిన ఫోటోలో అంచు, కొనలు రెండూ చెరిగిపోతాయి. అప్పుడు ఆకారం మీద తీర్పు చెప్పకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకు తీసిన సమయం వివరాలు ఊడిపోతాయి. దాన్ని డాక్యుమెంట్‌గా పంపమనండి. తేదీ, గంట, ఊరు దొరికితే పంచాంగంతో సరిచూసుకోవడం అయిదు నిమిషాల పని.