స్పీడ్ టెస్ట్ ఒక్కోసారి ఒక్కో అంకె ఎందుకు చూపిస్తుంది?



ఆన్‌లైన్ క్లాసు మధ్యలో టీచర్ గొంతు తెగిపోతే మనలో చాలామంది వెంటనే ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తాం. ఒకసారి 85 ఎంబీపీఎస్ వస్తుంది. మళ్లీ నొక్కితే 40. పది నిమిషాలాగి చూస్తే 22. ఇందులో ఏది నిజం?

మూడూ నిజమే. కాకపోతే ఏ అంకె దేని గురించి చెబుతోందో తెలియాలి. అది తెలియక కొందరు పెద్ద ప్లాన్‌కు మారి నెలనెలా ఎక్కువ కడతారు. క్లాసు మాత్రం ఆగుతూనే ఉంటుంది.

టెస్ట్ ఏం కొలుస్తుంది?

టెస్ట్ మొదలుపెట్టగానే మీ ఫోన్ ఎక్కడో ఉన్న ఒక సర్వర్ నుంచి పది, పదిహేను సెకన్లపాటు డేటా లాగుతుంది. ఎంత వచ్చిందో చూసి సెకనుకు ఎంతో లెక్కగడుతుంది. ఆ డేటా సర్వర్ నుంచి బయలుదేరి, మీ కంపెనీ లైను మీదుగా రూటర్‌కు చేరి, అక్కడి నుంచి వైఫైలో ఫోన్‌కు వస్తుంది. మేడ మీది ట్యాంకు నుంచి వంటింటి కుళాయికి నీళ్లు వచ్చినట్టే. దారిలో ఎక్కడ పైపు సన్నగా ఉంటే అక్కడి ధారే కుళాయిలో కనిపిస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నా లాభం లేదు.

దారిలోని మూడు భాగాలూ పూటపూటకూ మారుతుంటాయి.

మొదటిది వైఫై. గోడలు అడ్డొస్తే సిగ్నల్ తగ్గుతుంది. చాలా రూటర్లలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు ఉంటాయి. మొదటిది దూరం వెళ్తుంది కానీ నెమ్మది. పైగా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ అదే దారిని పంచుకుంటాయి. రెండోది వేగం ఎక్కువ, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. ఫోన్ మనకు చెప్పకుండానే ఒకదాని నుంచి మరోదానికి మారుతుంది. వెంటవెంటనే చేసిన రెండు టెస్టుల మధ్య సగానికి సగం తేడా రావడానికి తరచుగా ఇదే కారణం.

రెండోది లైను. మీ వీధిలోని ఫైబర్ చాలా ఇళ్లకు చీలి వెళ్తుంది. రాత్రి ఎనిమిది, పది మధ్య అందరూ ఒకేసారి వీడియోలు చూస్తుంటే కంపెనీ లైనులో రద్దీ పెరుగుతుంది.

మూడోది సర్వర్. టెస్ట్ యాప్ తనంతట తానే దగ్గరగా ఉన్న ఒక సర్వర్‌ను ఎంచుకుంటుంది. మొదటిసారి హైదరాబాద్ సర్వర్, రెండోసారి చెన్నై సర్వర్ దొరికితే ఆ రెండు అంకెలనూ పోల్చడంలో అర్థం లేదు.

సరిగ్గా కొలిచే పద్ధతి

ఒకేసారి ఒక్క భాగాన్నే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచాలి.

1. ముందు వైఫైని పక్కన పెట్టండి. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి, లాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి.
2. ఇంట్లో టీవీ, మిగతా ఫోన్ల వైఫై కూడా ఆపండి. లాప్‌టాప్‌లో జరుగుతున్న డౌన్‌లోడ్లు, వీపీఎన్ ఉంటే ఆపేయండి.
3. speedtest.net తెరిచి Change Server నొక్కి, దగ్గరి నగరంలోని ఒక సర్వర్‌ను ఎంచుకోండి. చివరిదాకా అదే వాడండి.
4. వరుసగా మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకోండి. 94, 71, 92 వస్తే మీ అంకె 92. ఒక్కసారి పడిపోయిన 71ని పట్టించుకోనక్కర్లేదు.
5. ఇదే పనిని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి చేయండి.
6. తర్వాత వైఫైతో, పిల్లలు కూర్చునే చోటు నుంచే, వాళ్లు వాడే పరికరంతోనే మళ్లీ మూడుసార్లు చేయండి.

రెండు జాగ్రత్తలు. మొబైల్ డేటా మీద ఊరికే టెస్టులు చేయకండి. 100 ఎంబీపీఎస్ వేగంతో పది సెకన్లు లాగితే దాదాపు 125 ఎంబీ ఖర్చవుతుంది. ఇక మీ ప్లాన్ 300 అయినా కేబుల్‌తో ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే లైనును అనుమానించకండి. మీ కేబుల్ గానీ, రూటర్ లేదా లాప్‌టాప్ పోర్టు గానీ 100 ఎంబీపీఎస్‌కే పరిమితమై ఉంటుంది.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఒక ఇల్లు తీసుకుందాం. రూటర్ హాల్లో ఉంది. పాప చదువుకునేది చివరి గదిలో. మధ్య అంకెలు ఇలా వచ్చాయి:

- కేబుల్‌తో, మధ్యాహ్నం: 93
- కేబుల్‌తో, రాత్రి తొమ్మిదికి: 89
- హాల్లో వైఫై, రాత్రి: 86
- పాప గదిలో వైఫై, రాత్రి: 17

లైను పగలూ రాత్రీ బాగానే ఉంది. హాల్లో వైఫై కూడా బాగానే ఉంది. ఇబ్బందంతా హాలుకూ గదికీ మధ్య ఉన్న గోడల్లోనే. ఈ ఇంటివాళ్లు 200 ప్లాన్‌కు మారినా గదిలో దాదాపు అదే 17 వస్తుంది. వాళ్లు చేయాల్సింది రూటర్‌ను ఇంటి మధ్యకు, కాస్త ఎత్తులోకి మార్చడం. లేదా గదిదాకా ఒక లాన్ కేబుల్ వేయించుకోవడం.

అదే కేబుల్ అంకె మధ్యాహ్నం 93 ఉండి, రాత్రి 30కి పడిపోతే తప్పు మీ ఇంట్లో లేనట్టే. అప్పుడు కంపెనీకి ఫిర్యాదు చేయండి. కేబుల్‌తో కొలిచామని, ఏ రోజు ఏ సమయానికి ఎంత వచ్చిందో నాలుగైదు రోజుల లెక్క చూపండి. లేకపోతే 'మీ వైఫై సమస్యేమో, రూటర్ ఆపి వేయండి' అనే మాటతోనే ఫోన్ పెట్టేస్తారు.

అంకె బాగున్నా క్లాసు ఆగితే?

ఒక వీడియో క్లాసుకు మామూలుగా మూడు, నాలుగు ఎంబీపీఎస్ చాలు. కాబట్టి పైన చెప్పిన గదిలో వచ్చిన 17 కూడా, నిలకడగా ఉంటే, క్లాసుకు సరిపోతుంది. మరి గొంతు ఎందుకు తెగుతుంది? చాలాసార్లు కారణం ఆలస్యం. అంటే ఒక మాట వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. దాన్ని మిల్లీసెకన్లలో, ms అని చూపిస్తారు.

fast.com తెరవండి. టెస్ట్ అయ్యాక Show more info నొక్కితే Latency కింద రెండు అంకెలు కనిపిస్తాయి. Unloaded అంటే లైను ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, Loaded అంటే లైను నిండా పనిలో ఉన్నప్పటి ఆలస్యం. మొదటిది 12, రెండోది 40 ఉంటే ఫర్వాలేదు. మొదటిది 12 ఉండి రెండోది 400 అయితే జబ్బు దొరికినట్టే. ఎవరైనా లైనును నింపినప్పుడు డేటా రూటర్ దగ్గర క్యూ కడుతోంది. టీచర్ మాట కూడా ఆ క్యూలోనే నిలబడుతోంది.

ఇలా లైనును నింపేది తరచుగా ఇంట్లోని మరో ఫోనే. పెళ్లి వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కించే ఆటోమేటిక్ బ్యాకప్ ఒక్కటి చాలు. అప్‌లోడ్ వేగం తక్కువగా ఉన్న ప్లాన్లలో ఇది ఇంకా ఎక్కువ. క్లాసు సమయంలో ఆ బ్యాకప్ ఆపి చూడండి. గొంతు తెగడం ఆగిపోతే, బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు.