విదేశీ కొనుగోలుదారు ముందు గుంటూరు మిర్చి: స్టాల్, కరపత్రాల ప్రణాళిక

సుగంధ ద్రవ్యాల ఎగుమతి సంస్థలో మార్కెటింగ్ ఉద్యోగిగా చేరదలచిన యువతకు, దుబాయ్‌లోని గల్ఫుడ్, జర్మనీలోని అనూగా వంటి ఆహార ప్రదర్శనలలో స్టాల్ బాధ్యత అప్పగించే అవకాశం ఉంటుంది. గుంటూరు నుంచి తొడిమ తీసిన తేజ రకం ఎండుమిర్చిని, కారప్పొడిని ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థను ఊహించుకుంటే ఈ పని స్వరూపం స్పష్టమవుతుంది.

స్టాల్ అమరిక

మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల స్టాల్‌లో పది రకాల సరుకు పేర్చడం కంటే, సంస్థ క్రమం తప్పక సరఫరా చేయగల రెండు మూడు రకాలనే ఉంచి, మిగిలిన చోటును కూర్చుని మాట్లాడుకునే బల్లకు కేటాయించడం మేలు. దీపాల వెలుగుకు, వేడికి మిర్చి ఎరుపు తగ్గుతుంది కనుక ప్రదర్శన పాత్రలలోని కాయలను రోజూ మార్చాలి. కారప్పొడి గాలిలోకి లేస్తే వచ్చినవారికి దగ్గు వస్తుంది కనుక దానిని మూత బిగించిన గాజు సీసాలోనే చూపాలి.

నమూనా, వివరపత్రం

కొనుగోలుదారుకు ఇచ్చే నమూనా పొట్లం మీద లాట్ సంఖ్య, అంటే ఒకే విడతలో సిద్ధమైన సరుకును గుర్తించే సంఖ్య, తప్పనిసరిగా ఉండాలి. వివరపత్రంలోనూ, ప్రయోగశాల నివేదికలోనూ అదే సంఖ్య కనిపించాలి. తాలు కాయలన్నీ ఏరివేసి మేలిరకాన్ని మాత్రమే నమూనాగా ఇస్తే, తరువాత వెళ్లే సరుకు దానితో సరిపోలక వివాదం తలెత్తుతుంది.

ఒక పుటకు మించని వివరపత్రంలో రకం, తేమ శాతం, రంగు తీవ్రతను తెలిపే ఆస్టా విలువ, కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లు, సంచి బరువు, కనీస ఆర్డరు, ఎగుమతి రేవు, స్పైసెస్ బోర్డు నమోదు వివరం ఉండాలి. యూరప్ కొనుగోలుదారు మొదట అడిగేది అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషపదార్థం గురించి. అక్కడ మిర్చిలో బి1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తానికి 10 మైక్రోగ్రాములు గరిష్ఠ పరిమితి. ఈ బూజు కొన్ని కాయలకే పరిమితం కావచ్చు కనుక, అనేక సంచుల నుంచి తీసి కలిపిన నమూనాకు జరిపిన పరీక్షనే నమ్మదగినదిగా భావించాలి.

ధరను కరపత్రంలో అచ్చువేయరాదు. గుంటూరు యార్డులో రేటు మారుతూ ఉంటుంది కనుక, రేవులో ఓడకెక్కించే వరకు అయ్యే ఖర్చును కలిపిన ఎఫ్‌ఓబీ ధరను, అది చెల్లే గడువుతో సహా విడిగా రాసి ఇవ్వాలి.

సంభాషణ నమోదు

వచ్చిన ప్రతి కొనుగోలుదారు కోరిన రూపం, పరిమాణం, గమ్యరేవు, పరీక్షలు ఒక చీటీలో రాసి, ఇచ్చిన నమూనా లాట్ సంఖ్యను దానికి జతచేయాలి. ఆ చీటీ లేకపోతే ప్రదర్శన ముగిశాక ఎవరికి ఏ సరుకుపై ధర పంపాలో తెలియదు. అందువల్ల ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థులు విదేశీ భాషతో పాటు ప్రయోగశాల నివేదికను చదవడం, ఎఫ్‌ఓబీ ధర లెక్కకట్టడం కూడా ముందుగానే నేర్చుకోవాలి.