పాల యూనియన్‌కు డబ్బు ఎక్కడ మిగులుతుంది: కొన్ని అనుభవ పాఠాలు

పాల యూనియన్ లెక్కల్లోనే తల నెరిసినవాణ్ణి. ఈ పని కొత్తగా చేపట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కింద వేసిన ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ యూనియన్ ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

1. ముందుగా లాభమంటే ఏమిటో తేల్చుకోండి.

మైకేల్ పోర్టర్ 1985లో వాల్యూ చైన్ అనే పద్ధతిని తన పుస్తకంలో రాశాడు. సరుకు లోపలికి రావడం దగ్గర్నుంచి అమ్మకం దాకా పనులన్నీ గొలుసులా పేర్చి, ఏ కొలికి దగ్గర ఎంత ఖర్చయింది, ఎంత విలువ చేరింది అని చూడటమే అందులోని అసలు సంగతి. కంపెనీకి ముడిసరుకు ధర ఖర్చు కిందికి వస్తుంది. సహకార డెయిరీలో పాల బిల్లు ఒకవైపు ఖర్చు, మరోవైపు సభ్యుడి ఆదాయం. లీటరుకు రెండు రూపాయలు తగ్గించి ఇస్తే బ్యాలెన్స్ షీట్‌లో మిగులు కనబడుతుంది గానీ, అది సంపాదన కాదు, సభ్యుడి జేబులోంచి తీసినది. కాబట్టి పాల బిల్లు, మిగులు రెండూ కలిపి చూడండి. ఆ మొత్తం ఏ పని వల్ల పెరిగిందో వెతకండి. సేకరణ, రవాణా, ప్రాసెసింగ్ అని శాఖల వారీగా వేసిన లెక్కలో అది దొరకదు. కిలో వెన్న, కిలో ఎస్ఎన్ఎఫ్ (వెన్న పోగా పాలలో ఉండే ఘనపదార్థం) ఊళ్లో బయల్దేరి ఎక్కడెక్కడ ఏమయ్యాయో వెంబడించాలి.

2. మొదటి కొలికి ఊరి సంఘంలో కాదు, ఊరికీ డాక్‌కూ మధ్యలో ఉంది.

రోజుకు పదివేల కిలోల గేదె పాలు వస్తున్నాయనుకుందాం. సంఘాల్లో సగటు వెన్న 6.5 శాతం చూపించింది, రైతులకు ఆ లెక్కనే డబ్బు ఇచ్చారు. ప్లాంటు డాక్ మీద 6.3 వచ్చింది. చూడటానికి చిన్న తేడా. కానీ రోజుకు 20 కిలోల వెన్నకు డబ్బు కట్టాం, అది మన చేతికి రాలేదు. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున కట్టి ఉంటే 16 వేలు, అంటే కిలో పాలకు రూపాయి అరవై పైసలు. ప్యాకెట్ ధర అర్ధరూపాయి పెంచడానికి బోర్డు మీటింగులో గంటలు వాదించుకునే మనం ఈ రూపాయి అరవై పైసల్ని తరుగు పద్దులో రాసి ఊరుకుంటాం.

ఆ తేడా ఎందుకొచ్చిందో అంకెలే చాలావరకు చెబుతాయి. వెన్న, ఎస్ఎన్ఎఫ్ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గితే దారిలో నీళ్లు కలిశాయి. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ వస్తుంటే మిల్క్ అనలైజర్ రీడింగ్ నిలకడగా లేదన్నమాట. రోజూ వెన్న ఒక్కటే తగ్గుతూ ఎస్ఎన్ఎఫ్ నిలకడగా ఉంటే ముఖ్యంగా రెండు కారణాలు ఉండొచ్చు: మీగడ తీసి ఉండాలి, లేదా సంఘంలో క్యాను కలపకుండా పైనుంచి శాంపిల్ తీసి ఉండాలి. కాగితం మీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఎవరినీ దొంగ అనకముందు ఆ సంఘానికి తెల్లవారుజామునే వెళ్లండి. నిండిన క్యాను నుంచి కలపకముందు ఒక శాంపిల్, ప్లంజర్‌తో అడుగుదాకా బాగా కలిపాక మరో శాంపిల్ తీయించండి. మొదటిది ఎక్కువ చూపితే తప్పు చేతివాటానిది కాకపోవచ్చు, పద్ధతిదై ఉండొచ్చు. అప్పుడు టెస్టర్‌కు నేర్పితే సరిపోతుంది. రెండూ ఒకటే వస్తే అప్పుడు వ్యాన్ దారి చూడండి.

3. వెన్న మీదనే ధర కట్టే యూనియన్‌లో నెయ్యి ఎప్పుడూ నష్టంలోనే కనబడుతుంది. నమ్మకండి.

గేదె పాలలో వెన్న ఎక్కువ. టోన్డ్ పాలకు నిబంధన 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్ఎన్ఎఫ్. 6.5 శాతం వెన్న, 9 శాతం ఎస్ఎన్ఎఫ్ ఉన్న వంద కిలోల పాల నుంచి 40 శాతం వెన్న ఉండే మీగడ సుమారు తొమ్మిదిన్నర కిలోలు తీస్తే, 3 శాతం పాలు తొంభై కిలోల పైచిలుకు, అంటే 88 లీటర్లు మిగులుతాయి. ఆ మీగడలో 3.78 కిలోల వెన్న ఉంటుంది. తరుగు పోగా 3.7 కిలోల నెయ్యి వస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. కిలో వెన్నకు 800 చొప్పున రైతుకు 5,200 ఇచ్చాం. ఏజెంటు కమీషన్ పోగా లీటరుకు 53 వస్తే ప్యాకెట్ పాల మీద 4,660, కిలో 580 చొప్పున నెయ్యి మీద 2,150. మొత్తం 6,810. ప్లాంటు, రవాణా ఖర్చులు తీయకముందు 1,610 మిగిలింది. ఇంతవరకు అందరి లెక్కా ఒకటే.

ఇది ఎవరు సంపాదించారన్న దగ్గరే తేడా. ధర వెన్న మీదనే కట్టాం కాబట్టి అకౌంట్స్ వాళ్లు మీగడలోని వెన్నకు 3,020 రాస్తారు. నెయ్యికి 870 నష్టం, ప్యాకెట్‌కు 2,480 లాభం. ఆ కాగితం చూసి బోర్డు నెయ్యి తగ్గిద్దామంటుంది. కానీ ఆ 800 నిజంగా వెన్న ఒక్కదాని ధర కాదు. ఎస్ఎన్ఎఫ్ ధర కూడా అందులోనే దాగి ఉంది. చాలాచోట్ల వాడే రెండు కొలతల పద్ధతిలో కిలో ఎస్ఎన్ఎఫ్ విలువ వెన్నలో మూడింట రెండు వంతులు. అదే 5,200ను అలా విడగొడితే వెన్న 416, ఎస్ఎన్ఎఫ్ 277. మీగడతో పోయిన కాస్త ఎస్ఎన్ఎఫ్‌తో కలిపి నెయ్యికి ముడిసరుకు 1,725. అంటే నెయ్యికి 425 మిగులు, ప్యాకెట్‌కు 1,185. మొత్తం అదే 1,610. నెయ్యి మాత్రం నష్టం నుంచి లాభంలోకి వచ్చింది.

ఈ మూడింట రెండు వంతులు కూడా శాసనమేమీ కాదు. ఆ వారం బజారులో తెల్లవెన్న, పాలపొడి ఏ ధరకు అమ్ముడుపోతాయో ఆ ధరకే మీగడనూ, ఎస్ఎన్ఎఫ్‌నూ ఒక విభాగం నుంచి మరో విభాగానికి అమ్మినట్టు రాసుకోండి. ఆ లెక్కలోనూ నెయ్యికి నష్టం వస్తే మీగడను వెన్నగానే అమ్మేయండి. అప్పుడు ఆ నిర్ణయానికి ఆధారం ఉంటుంది.

4. రవాణాను లీటరు సగటున పంచకండి.

ప్రతి రూటుకు బండి ఖర్చు వేరుగా, అది తెచ్చిన ఘనపదార్థాల కిలోలు వేరుగా రాయండి. సగం నిండిన బండి ఎనభై కిలోమీటర్లు తిరిగితే ఆ ఖర్చును దగ్గరి ఊళ్లు మోస్తాయి. సగటులో అది కనబడదు. దూరపు రూటు మూసేయమని కాదు నేను చెప్పేది. ఆ ఊళ్ల మధ్య ఒక బీఎంసీయూ పెట్టి పాలను అక్కడే 4 డిగ్రీలకు చల్లబరిస్తే రెండు పూటల పాలు ఒక్క ట్రిప్పులో వస్తాయి, పులిసి వెనక్కిపోయే క్యాన్లు తగ్గుతాయి. కరెంటు బిల్లు చల్లబరిచే పద్దులో పెరుగుతుంది, మిగులు రవాణాలోనూ ప్లాంటులోనూ కనబడుతుంది. బీఎంసీయూను దాని పద్దు మట్టుకే చూసి దండగ అనేవాళ్లకు ఈ మూడు పద్దులూ ఒకే కాగితం మీద వేసి చూపించండి.

5. పాలపొడి సంపాదన వేసవి పెరుగులో ఉంటుంది.

చలికాలంలో గేదెలు ఎక్కువ ఇస్తాయి, ప్యాకెట్ అమ్మకం అంత పెరగదు. మిగిలిన పాలు పొడి, వెన్న అవుతాయి. అప్పటికి అందరి దగ్గరా పొడి ఉంటుంది కాబట్టి ధర పడిపోతుంది. ఎండాకాలంలో పాలు తగ్గుతాయి, పెరుగు, మజ్జిగకు గిరాకీ పెరుగుతుంది. డిసెంబరు పొడి మేలో పాలలో కలిసి పెరుగుగా అమ్ముడుపోతుంది. అందుకే పొడి విభాగం లాభనష్టాలను నెలవారీగా తేల్చకండి. చలికాలం నుంచి వేసవి చివరిదాకా ఒకే లెక్కగా చూడండి. గోదాము అద్దె, బ్యాంకు వడ్డీ కూడా అందులోనే వేయండి.

ఇందులో జాగ్రత్త పడాల్సింది మార్చి 31న. ఆ రోజు గోదాములో ఉన్న పొడిని తయారైన ఖర్చుకు లెక్కగడితే మిగులు బాగా కనబడుతుంది, సభ్యులు బోనస్ అడుగుతారు, అడగడం న్యాయం కూడా. కానీ బజారు ధర అంతకన్నా తక్కువుంటే ఆ మిగులు ఇంకా చేతికి రాలేదు. ఖర్చు, బజారు ధరలలో ఏది తక్కువైతే దానికే నిల్వ కట్టి, ఆ అంకె మీద బోనస్ ఎంతో చెప్పండి. తక్కిన బోనస్ సంగతి పొడి అమ్ముడయ్యాక జూలైలో తేల్చుకుందామని సర్వసభ్య సమావేశంలో లెక్క విప్పి చెప్పండి. గేదెను సాకేవాళ్లకు చలికాలం పాలు వేరు, వేసవి పాలు వేరని ఒకరు చెప్పక్కర్లేదు.